పల్లవి చూసి పాట ఎంచుకోవద్దు

కాకినాడలో మా బాబాయి షష్టిపూర్తి. హోమాలు, భోజనాలు అయ్యాక సాయంత్రం బంధువులంతా హాల్లో చేరారు. పెద్దన్నయ్య ఒక పెద్ద స్పీకరు, రెండు మైకులు తెచ్చి కరావోకే పెట్టాడు. బాబాయికి పాటలంటే ప్రాణం. పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోస్తూ పాడుకునే మనిషి. బాలు పాడిన ఒక పాత పాట అడిగి పెట్టించుకున్నాడు. పల్లవి ఎంత బాగా వచ్చిందంటే వంటవాళ్లు కూడా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. మొదటి చరణం సగం దాటేసరికి గడ్డం పైకి లేచింది, మెడ మీద నరాలు తేలాయి. చరణం చివర పై స్వరం దగ్గర గొంతు రెండుగా చీలింది. ఆగిపోతే బాగుండదని గట్టిగా అరిచి ఆ స్వరాన్ని అందుకున్నాడు. రెండో చరణం కూడా అలాగే లాక్కొచ్చాడు. మర్నాడు పొద్దున్న కాఫీ అడగడానికి నోరు తెరిస్తే మాట రాలేదు. ఆ బొంగురు తగ్గడానికి నాలుగు రోజులు పట్టింది.

నేను పెద్దవాళ్లకు లలిత సంగీతం నేర్పుతాను. పెళ్లి సంగీత్‌లో పాడాలి, ఆఫీసు పార్టీలో పాడాలి అని వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లందరిలోనూ చూసే పొరపాటు బాబాయి చేసినదే. పల్లవి హాయిగా వచ్చింది కాబట్టి పాట మనదే అనుకుంటారు. సినిమా పాటలో పల్లవి సాధారణంగా నడిమి స్వరాల్లో నడుస్తుంది, వినేవాళ్లకు వెంటనే పట్టుబడాలి కాబట్టి. పాట ఎక్కేది చరణంలో. అది కూడా ఎక్కువగా చరణం రెండో సగంలో, తిరిగి పల్లవికి దిగే ముందు. మన గొంతుకు ఆ పాట సరిపోతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది. అందుకే పాట ఎంచుకునేటప్పుడు మొదట వినాల్సింది చరణం.

గొంతు ఎందుకు పట్టేస్తుంది?

మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ల స్వరతంత్రులు సెకనుకు దాదాపు 100 నుంచి 130 సార్లు కంపిస్తాయి. బాబాయి అరిచి అందుకున్న స్వరం హార్మోనియం మీద పై స్థాయి ప, అంటే కీబోర్డు లెక్కలో G4. ఆ స్వరం పలకాలంటే తంత్రులు సెకనుకు 392 సార్లు కంపించాలి. మాటకు చేసే పనికి మూడు రెట్లు పైనే.

ఈ పనిని గొంతు రెండు రకాల కండరాలతో చేస్తుంది. ఒకటి తంత్రులను పొట్టిగా, మందంగా ఉంచుతుంది. మాట్లాడేటప్పుడూ, కింది స్వరాలు పాడేటప్పుడూ దానిదే పెత్తనం. రెండోది తంత్రులను సాగదీసి పలచన చేస్తుంది. వీణ తీగ బిగిస్తే శ్రుతి పెరిగినట్టు, తంత్రి సాగితే స్వరం పెరుగుతుంది. పైకి వెళ్లేకొద్దీ మొదటి కండరం పట్టు సడలించి రెండోదానికి దారి ఇవ్వాలి. సాధకులు ఏళ్ల తరబడి నేర్చుకునేది ఈ మార్పునే. సాధన లేనివాళ్లు మొదటి కండరాన్ని అలాగే బిగబట్టి, కింద నుంచి ఊపిరి బలంగా తోస్తారు. అప్పుడు మందంగా ఉన్న తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. మెడ కండరాలు సాయానికి వస్తాయి, గడ్డం లేస్తుంది. మగవాళ్లలో చాలామందికి ఈ మలుపు D4 నుంచి F4 మధ్య ఎక్కడో వస్తుంది. బాబాయి గొంతు చీలింది కూడా అక్కడే. అలా కొట్టుకున్న తంత్రులు వాస్తాయి. మర్నాటి బొంగురు ఆ వాపే.

సినిమా పాట మనకు ఎందుకు కష్టమవుతుందో కూడా తెలుసుకోవాలి. పాట శ్రుతిని సంగీత దర్శకుడు ఆ గాయకుడి గొంతును బట్టి, సన్నివేశానికి ఎంత ఉద్వేగం కావాలన్నదాన్ని బట్టి నిర్ణయిస్తాడు. బాలుకు పై స్వరాలు మెరిసే చోట చరణం పెడతాడు. ఆ లెక్కలో మనం లేం. పైగా ఈ రోజుల్లో స్టూడియోలో పాటను ముక్కలుగా రికార్డు చేస్తారు. పై స్వరం ఉన్న వాక్యాన్ని ఊపిరి తీసుకుని, నీళ్లు తాగి, నాలుగుసార్లు పాడి అందులో మంచిది ఉంచుకోవచ్చు. కరావోకేలో మనం ఆ పాటను ఆగకుండా, ఒకేసారి, కబుర్ల హోరులో పాడాలి. అదే పాటను అదే శ్రుతిలో పాడితేనే పాడినట్టు అనుకోవడంలో న్యాయం లేదు.

మన గొంతును కొలుచుకోవడం

దీనికి పది నిమిషాలు చాలు. ఫోన్‌లో పియానో కీబోర్డు యాప్ ఒకటి ఉండాలి. అందులో ప్రతి మెట్టు మీద C3, D3, A3 లాంటి పేర్లు కనిపించేలా పెట్టుకోండి. తెల్ల మెట్లు, నల్ల మెట్లు కలిపి వరసగా లెక్కపెడితే 12 మెట్లకు ఒక స్థాయి పూర్తవుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్ల మాటల్లో C అంటే ఒకటి శ్రుతి, D రెండు, G అయిదు. సగటు మగ గొంతుకు ఒకటి, రెండు శ్రుతులు, ఆడ గొంతుకు అయిదు, అయిదున్నర, ఆరు శ్రుతులు హాయిగా ఉంటాయని పాట నేర్చుకునే ఇళ్లలో అందరికీ తెలిసిందే. కరావోకేకు అంతకంటే కాస్త వివరంగా తెలియాలి.

నిద్ర లేచిన వెంటనే కొలవకూడదు, అప్పుడు గొంతు మామూలు కంటే కిందికి ఉంటుంది. సాయంత్రం ప్రశాంతంగా కూర్చుని మామూలుగా మాట్లాడే స్థాయిలో ఒక స్వరం "ఆ" అని పట్టుకోండి. కీబోర్డు మీద దానికి కలిసే మెట్టు వెతకండి. అక్కడి నుంచి ఒక్కో మెట్టే కిందికి దిగండి. ఒక చోట గాలి తప్ప స్వరం రాదు. దానికి రెండు మెట్లు పైన మీ అడుగు హద్దు.

ఇప్పుడు పైకి వెళ్లాలి. ఇక్కడే ఒక నియమం: గట్టిగా పాడి కొలవకూడదు. పక్క గదిలో పసిపాప నిద్రపోతున్నట్టు మెల్లగా పాడాలి. గట్టిగా అరిస్తే ఎవరికైనా రెండు మూడు మెట్లు అదనంగా అందుతాయి, అవి అప్పుగా తెచ్చుకున్న స్వరాలు. మెల్లగా, గడ్డం ఎత్తకుండా, నాలుగు సెకన్లు నిలబెట్టి, వరసగా మూడుసార్లు పాడగలిగిన స్వరమే మనది. అలా పాడలేని మొదటి మెట్టు దగ్గర ఆగి, రెండు మెట్లు కిందికి రండి. అది మీ పై హద్దు. ఈ రెండు హద్దుల మధ్య మెట్లు లెక్కపెట్టి ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

ఒక చిన్న జాగ్రత్త. కీబోర్డు నడిమధ్య ఉండే C ని కొన్ని యాప్‌లు C4 అనీ, కొన్ని C3 అనీ రాస్తాయి. గొంతును ఒక యాప్‌తోనూ పాటను మరో యాప్‌తోనూ కొలిస్తే ఏకంగా ఒక స్థాయి తేడా వచ్చేస్తుంది. రెండూ ఒకదానిలోనే కొలవండి.

పాటను కొలవడం

పాటను మొత్తం స్వరపరచాల్సిన పని లేదు. రెండే స్వరాలు కావాలి: అన్నిటికంటే పైది, అన్నిటికంటే కిందిది. పైది చాలావరకు చరణం రెండో సగంలో దొరుకుతుంది. అక్కడ పాటను ఆపి, ఆ స్వరాన్ని మెల్లగా హమ్ చేసి, కీబోర్డు మీద దాని మెట్టు వెతకండి. మీకు అందకపోతే ఒక స్థాయి కింద హమ్ చేసి, దొరికిన మెట్టుకు 12 కలుపుకోండి. కిందిది తరచుగా పల్లవి చివరో, చరణం మొదట్లోనో ఉంటుంది. ఆలాపన ఉంటే అదీ వదలొద్దు, మాటలు లేవు కదా అని మనం పట్టించుకోని చోట స్వరం ఎక్కడికైనా పోవచ్చు.

ఆ తర్వాత ఒక ప్రశ్న వేసుకోవాలి. పాట ఆ పై స్వరాన్ని తాకి వచ్చేస్తోందా, అక్కడే కాపురం పెడుతోందా? ఒక్క గమకంలో తాకి దిగిపోయే పై స్వరం పెద్ద ప్రమాదం కాదు. హద్దుకు ఒక మెట్టు పైన ఉన్నా సర్దుకోవచ్చు. కానీ చరణం మొత్తం ఆ చుట్టుపక్కలే తిరుగుతూ, ప్రతి పాదం చివరా దీర్ఘంగా నిలబెట్టమంటే, హద్దు లోపలే ఉన్నా గొంతు అలిసిపోతుంది. తెలుగు పాటలో ఈ సంగతి మరీ ముఖ్యం. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, ఆ అచ్చును సాగదీయడం మన పాటకు అందం. ఆ అందం పై స్వరం మీద వచ్చిన ప్రతిసారీ గొంతు బరువు మోస్తుంది.

బాబాయి లెక్క

నాలుగు రోజుల తర్వాత బాబాయి గొంతు బాగుపడ్డాక ఇద్దరం కూర్చున్నాం. ఆయన గొంతు కొలిస్తే అడుగు హద్దు A2, పై హద్దు D4 వచ్చింది. మధ్యలో 17 మెట్లు. సాధన లేని గొంతుకు అది మంచి విస్తృతే.

తర్వాత ఆ రోజు పాడిన పాట కొలిచాం. కింద A2, పైన G4. అంటే 22 మెట్లు. బాబాయి వెంటనే, "అయితే శ్రుతి దించేసి పాడితే సరిపోతుంది కదమ్మా" అన్నాడు. చాలామంది ఇలాగే అనుకుంటారు. లెక్క వేసి చూపించాను. పైన G4 ని D4 కు తేవాలంటే అయిదు మెట్లు దించాలి. అప్పుడు కింది స్వరం A2 నుంచి E2 కి పడిపోతుంది. అక్కడ బాబాయికి గాలి తప్ప స్వరం లేదు. పోనీ మూడే దిద్దామంటే పైన E4 దగ్గర పట్టేస్తుంది, కింద F#2 దగ్గర మాయమవుతుంది. 22 మెట్ల పాటను 17 మెట్ల గొంతులో ఏ శ్రుతిలోనూ పట్టించలేం. శ్రుతి మార్చితే పాట పైకీ కిందికీ జరుగుతుందే తప్ప పొట్టిగా అవదు.

'జగదేకవీరుని కథ'లో పెండ్యాల సంగీతంలో ఘంటసాల పాడిన శివశంకరీ లాంటి పాటలు ఇలాంటివే. మంద్రం నుంచి తారస్థాయి దాకా తిరిగే పాట, 1961 నుంచి ఇప్పటిదాకా గాయకులకు పరీక్షగా నిలిచిన పాట. దాన్ని ఇష్టపడడం వేరు, పార్టీలో మైకు పట్టుకుని పాడడం వేరు.

"మరి నేనేం పాడాలి?" అన్నాడు బాబాయి. ఆయనకు ఇష్టమైన పాటలు ఒక పది రాయమన్నాను. ఒక్కోదాన్నీ కొలుచుకుంటూ పోయాం. ఆరో పాట దగ్గర ఆగాం. రెండు శ్రుతిలో ఉన్న నింపాది పాట. కింద మంద్ర నిషాదం C#3, పైన తార రిషభం E4. మొత్తం 15 మెట్లు. 17 మెట్ల గొంతులో 15 మెట్ల పాట పడుతుంది, రెండు మెట్ల చోటు కూడా మిగులుతుంది. ఉన్న శ్రుతిలో పాడితే మాత్రం పై స్వరం ఆయన హద్దు దాటుతుంది. రెండు మెట్లు దించితే పైన సరిగ్గా D4, కింద B2. మూడు దించితే పైన C#4, కింద A#2. నాలుగు దించినా పడుతుంది కానీ కింది స్వరం సరిగ్గా అడుగు హద్దు మీద ఉంటుంది, హాల్లో వినిపించదు.

మేము మూడు ఎంచుకున్నాం. ఇంట్లో మెల్లగా పాడినప్పటి హద్దు పార్టీలో అలాగే ఉండదు. అప్పటికి రెండు గంటల కబుర్లు అయి ఉంటాయి, కాస్త ఉద్వేగం ఉంటుంది. పైన ఒక మెట్టు, కింద ఒక మెట్టు చేతిలో ఉంచుకుంటే పాట చివరిదాకా నిలుస్తుంది.

ట్రాకును దించడం

కరావోకే మిషన్లలోనూ, చాలా యాప్‌లలోనూ కీ లేదా పిచ్ అనే మీట ఉంటుంది. అది ఒక్కో నొక్కుకు ఒక్కో మెట్టు చొప్పున ట్రాకును పైకీ కిందికీ జరుపుతుంది. బాబాయి పాటకు అక్కడ −3 అని పెట్టాలి. వేగం మార్చే మీట వేరు, దాన్ని ముట్టుకోవద్దు. మూడు నాలుగు మెట్ల దాకా ట్రాకు బాగానే ఉంటుంది. అంతకు మించితే వేణువు, వయొలిన్ బొంగురుగా వినిపిస్తాయి, తబలా మొద్దుబారుతుంది. వినేవాళ్లు పట్టించుకోకపోయినా పాడేవాళ్లకు ఎత్తుగడ దొరకడం కష్టమవుతుంది. శ్రుతి మార్చిన ట్రాకుతో ఇంట్లో కనీసం రెండుసార్లు పాడి చూసుకోవాలి. ఎన్నో ఏళ్లుగా విన్న శ్రుతి చెవిలో ఉండిపోతుంది. ట్రాకు −3 లో మోగుతున్నా అలవాటు కొద్దీ పాత శ్రుతిలో ఎత్తుకునేవాళ్లను చాలామందిని చూశాను.

మా పిన్నికి బాబాయి పాటే పాడాలని ముచ్చట. ఆవిడ గొంతు G3 నుంచి C5 దాకా, ఇదీ 17 మెట్లే, కాకపోతే పది మెట్లు పైన ఉంది. మగవాళ్ల పాట ఆడవాళ్లు పాడేటప్పుడు వచ్చే చిక్కు ఇది: ఉన్న శ్రుతిలో పాడితే కింది స్వరాలు పోతాయి, ఒక స్థాయి పైన ఎత్తుకుంటే చరణం నెత్తికెక్కుతుంది. పిన్నికి పాట C#3 నుంచి ఏడు మెట్లు జరిగి G#3 దగ్గర మొదలవ్వాలి. అప్పుడు పై స్వరం E4 నుంచి B4 కి వస్తుంది. రెండు వైపులా ఒక్కో మెట్టు మిగులుతుంది. అయితే ట్రాకును +7 కు ఎత్తితే వాయిద్యాలు చీమలు పాడినట్టు సన్నగా అయిపోతాయి. అక్కర్లేదు. 12 మెట్లకు అదే స్వరం తిరిగి వస్తుంది కాబట్టి ట్రాకును +7 కి జరిపినా −5 కి జరిపినా శ్రుతి ఒక్కటే. రెండు శ్రుతి పాట రెండు దారుల్లోనూ ఆరు శ్రుతికే చేరుతుంది. తక్కువ జరుపు కాబట్టి −5 పెట్టి, పిన్ని తన స్థాయిలో తాను పాడింది. ట్రాకు కాస్త బరువుగా వినిపించింది, అయినా పాట నిలబడింది.

యుగళ గీతమైతే ఒకరికి దించిన శ్రుతి రెండోవాళ్లకు కూడా మారుతుంది. సినిమా యుగళ గీతాల్లో సుశీల, జానకి, చిత్రల భాగాలు మామూలు ఆడ గొంతుకు చాలా పైన ఉంటాయి. అందుకని రెండు మూడు మెట్లు దించితే తరచుగా ఇద్దరికీ సుఖమే. కానీ ఆవిడ భాగంలో కింది స్వరాలు ఉంటే అవి పోతాయి. ఇద్దరి హద్దులూ రాసుకుని, ఇద్దరి భాగాలూ విడివిడిగా కొలిచాకే మీట నొక్కాలి.

పార్టీలో గొంతుకు ఏం జరుగుతుంది

సరైన పాట, సరైన శ్రుతి కుదిరాక కూడా గొంతును పాడుచేసేది ఒకటుంది, హోరు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం. దీన్ని 1911లో ఫ్రెంచి గొంతు వైద్యుడు ఎటియెన్ లొంబార్ గమనించి చెప్పాడు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఫంక్షన్ హాల్లో స్పీకర్ల పక్కన కూర్చుని రెండు గంటలు కబుర్లు చెబితే, ఒక్క పాట పాడకముందే గొంతు సగం అలిసిపోతుంది. పాడదలచుకున్న రోజు స్పీకరుకు దూరంగా కూర్చోండి, వంతు కాస్త ముందే అడిగి తీసుకోండి.

పాడేటప్పుడు మన గొంతు మనకు వినపడాలి. వినపడకపోతే అరుస్తాం. ట్రాకు శబ్దం తగ్గించి మైకు శబ్దం పెంచమని అడగడానికి మొహమాటపడొద్దు. మైకును పెదాలకు రెండు మూడు వేళ్ల దూరంలో పట్టుకోవాలి. బారెడు దూరంలో పట్టుకుంటే మైకు చేయాల్సిన పని గొంతు చేస్తుంది. మైకు తలను గుప్పిట మూసి పట్టుకుంటే కూత వస్తుంది, అదీ వద్దు. స్పీకరు ముందు నిలబడకుండా, దాని శబ్దం పక్క నుంచి వినపడే చోట నిలబడండి. ఎకో కాస్త ఉంటే పాడడానికి ధైర్యంగా ఉంటుంది, మరీ ఎక్కువైతే గొంతు గీరుతున్నా మనకే తెలియదు.

వంతు రాబోయే ముందు అయిదు నిమిషాలు బయటికి వెళ్లి, నోరు మూసుకుని "మ్" అంటూ నడిమి స్వరాల నుంచి మెల్లగా పైకీ కిందికీ జారండి. చిన్నపిల్లలు బండి నడిపినట్టు పెదాలు "బుర్ర్" మని ఆడిస్తూ అదే చేయొచ్చు. లేదంటే కూల్‌డ్రింక్ స్ట్రా నోట్లో పెట్టుకుని అందులోంచి స్వరం ఊదండి. ఈ మూడింట్లోనూ నోటి దగ్గర గాలికి కాస్త అడ్డు ఉంటుంది, ఆ అడ్డు వల్ల తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోవు. నీళ్ల గురించి ఒక మాట. మైకు పట్టుకునే ముందు తాగిన గ్లాసెడు నీళ్లు తంత్రులను తాకవు, అవి వేరే దారిన కడుపులోకి పోతాయి. ఒళ్లంతా తడిగా ఉంటేనే తంత్రులూ తడిగా ఉంటాయి, కాబట్టి ఆ రోజు పొద్దున నుంచీ తాగాలి. మిరియాలో, మెంథాల్ బిళ్లో చప్పరిస్తే గొంతు బాగైనట్టు అనిపిస్తుంది, నొప్పి తెలియకుండా పోయిందంతే. మద్యం కూడా అదే పని చేస్తుంది, ఆగాల్సిన చోట ఆగమని చెప్పే నొప్పిని మొద్దుబారుస్తుంది.

ఆగాల్సిన గుర్తులు

పాడుతుండగా గడ్డం లేస్తోందంటే స్వరం పైకి పోతోందని గుర్తు. గొంతులో గరగర, మాటిమాటికీ సకిలించాలనిపించడం రెండో గుర్తు. మెల్లగా పాడదామంటే స్వరం రాక, గట్టిగా పాడితేనే రావడం మూడోది, అన్నిటికంటే నమ్మదగినది. ఈ మూడింట్లో ఏది కనిపించినా ఆ చరణంలో పై వాక్యాన్ని ఒక స్థాయి కింద పాడేయండి, లేదా మైకు జనం వైపు తిప్పండి. తెలిసిన పాటైతే హాలంతా అందుకుంటుంది. పాడడం అయ్యాక మరో బరువైన పాటకు వెంటనే లేవకండి.

మర్నాడు గొంతు బొంగురుపోతే తక్కువ మాట్లాడండి, మాట్లాడినప్పుడు మామూలు స్వరంతో మెల్లగా మాట్లాడండి. గుసగుసలాడడం విశ్రాంతి కాదు, అది కూడా గొంతును బిగిస్తుంది. రెండు మూడు రోజుల్లో అదే సర్దుకోవాలి. పాడుతుండగా ఉన్నట్టుండి స్వరం పూర్తిగా పోయినా, గొంతులో నొప్పి పొడిచినట్టు వచ్చినా అక్కడికక్కడ ఆపి మాట కూడా మానేసి, వెంటనే చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలి, తంత్రిలో చిన్న రక్తనాళం చిట్లి ఉండొచ్చు. బొంగురు రెండు మూడు వారాలు దాటినా చూపించుకోవాలి.

బాబాయి మళ్లీ పాడింది మా చెల్లెలి కూతురి బారసాలలో. పెద్దన్నయ్య ట్రాకు పెట్టబోతుంటే, "ఒరేయ్, మైనస్ మూడు పెట్టరా" అన్నాడు. పల్లవి మామూలుగానే పాడాడు. నేను చరణం కోసం చూస్తున్నాను. రెండో సగంలో రిషభం దగ్గరికి వచ్చాడు. గడ్డం కదల్లేదు. స్వరం అక్కడ నిలబడి, మెల్లగా పల్లవిలోకి దిగింది. మర్నాడు పొద్దున్న ఫోన్ చేసి, ఏడో నంబరు పాట కూడా కొలిచి పెట్టమన్నాడు.